వరంగల్ మిర్చి, గోదావరిఖని గిరాకీ: ఒక చిన్న వ్యాపారి చెప్పిన లెక్క

(పరకాల దగ్గర ఒక ఊరి గ్రంథాలయంలో, ఎండుమిర్చి వ్యాపారం చేసే ఒకాయన మాట్లాడిన మాటలివి. ఆ సాయంత్రం రాలేనివాళ్లు అడిగితే రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు రండి, కుర్చీలు ఉన్నాయి. అక్కా, ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి, నా కాగితాలు ఎగురుతున్నాయి. ఈ కాగితాలు ప్రసంగం కాదండీ, చిట్టీలు. 2018లో నేను మొదటిసారి సరుకు కొన్నప్పటి కాంటా చిట్టీ, లారీ ఆఫీసు రశీదు, ఒక నోట్‌బుక్కు. ఇవాళ వీటిని చూసుకుంటూనే మాట్లాడతాను. నోటిమాటగా చెబితే నేను కూడా లాభమే చెప్తాను. వ్యాపారస్తుడి నోరు అంతే కదా.

నన్ను పిలిచినవాళ్లు ఏమన్నారంటే, "అన్నా, ఇక్కడ చవకగా కొని అక్కడ అమ్మితే నాలుగు రూపాయలు వస్తాయి కదా, అది ఎట్లా చేయాలో మా పిల్లలకు చెప్పు" అన్నారు. చెప్తాను. కానీ నేను ఒక్క సరుకు గురించే చెప్తాను, ఎండుమిర్చి. పసుపు నాకు కొంత తెలుసు, నిజామాబాద్ వెళ్లి కొన్నాను. దాంట్లో కొమ్ము ధర వేరు, మండ ధర వేరు, అది వేరే కథ. తెలిసినంత మిర్చి చెప్తాను.

2018 మార్చి. అంతకుముందు ఏడు మిర్చి ధర ఘోరంగా పడిపోయింది, మీకు గుర్తుండే ఉంటుంది, రైతులు రోడ్డెక్కారు. ఆ ఏడు మళ్లీ కొంచెం లేచింది. నేను అప్పుడు ఒక దుకాణంలో పని మానేసి ఖాళీగా ఉన్నాను. మా చిన్నమ్మ వాళ్లు గోదావరిఖనిలో ఉంటారు, బొగ్గు గనుల కాలనీ. ఒక పెళ్లికి వెళ్లినప్పుడు అక్కడి కిరాణంలో ఎండుమిర్చి ధర అడిగాను. కిలో 150 అన్నాడు. ఇక్కడ వరంగల్ ఎనుమాముల మార్కెట్లో క్వింటా తొమ్మిది, తొమ్మిదిన్నర వేలు నడుస్తోంది. అంటే కిలో తొంభై, తొంభై అయిదు. కిలోకు యాభై అయిదు, అరవై రూపాయల తేడా! రాత్రంతా నిద్ర పట్టలేదండీ. నాలుగు క్వింటాలు తీసుకుపోతే ఇరవై వేలు దాటుతుంది అని లెక్క. ఎవరికీ ఎందుకు తట్టలేదు ఈ ఆలోచన అనుకున్నాను.

ఇక్కడ ఆగుదాం. ఎవరికీ ఎందుకు తట్టలేదు? ఈ ప్రశ్నకు నేను ఆ రాత్రి జవాబు వెతకలేదు. అదే నా మొదటి తప్పు. కాజీపేట నుంచి ఖని పక్కనే ఉన్న రామగుండానికి రోజూ రైళ్లు నడుస్తాయి, లారీలు నడుస్తాయి. ఖనిలో కిరాణం పెట్టుకున్నాయనకు వరంగల్ ధర తెలియదా? పొద్దున్నే పేపర్లో చూస్తాడు. మరి ఆయన 150కి ఎందుకు అమ్ముతున్నాడు? నేను చూసిన ఆ 150 రూపాయల కాయ ఎట్లాంటిదో తెలుసా? తొడిమ తీసింది, తాలు ఏరింది, ఎండలో మళ్లీ ఆరబెట్టింది. పైగా నెల ఉద్దెర మీద ఇచ్చేది. గని కార్మికులకు జీతం నెల మొదట్లో పడుతుంది, అప్పటిదాకా ఖాతాలో రాసుకుంటాడు. ఆ అరవై రూపాయల్లో ఇవన్నీ ఉన్నాయి. నేను వాటిని లాభం అనుకున్నాను. అవి ఆయన పని, ఆయన ఖర్చు.

సరే, కొనడానికి పోయాను. ముప్పై వేలు అప్పు తెచ్చాను, నూటికి రెండు రూపాయల వడ్డీ. మిగతాది నా చేతిది. ఎనుమాములకు తెల్లవారకముందే వెళ్లాను. మీలో ఎంతమంది ఆ యార్డులో మిర్చి సీజన్లో లోపలికి పోయారు? పోయారా? ఘాటుకు నిలబడలేం. తుమ్ములు ఆగవు. రైతులు బస్తాలు వరసగా దింపి, అడ్తిదారు ముందర కూర్చుంటారు. ఖరీదుదార్లు వచ్చి చేయి పెట్టి చూస్తారు, పాట పాడతారు. ఆ రోజు అన్నిటికంటే మంచి సరుకుకు పలికిన ధరను జెండా పాట అంటారు. పేపర్లో వచ్చేది, ఫోన్లలో తిరిగేది ఆ ధరే ఎక్కువ. ఆ రోజు జెండా పాట తేజ రకానికి 10,200.

ఇప్పుడు ఈ జెండా పాట మాట జాగ్రత్తగా వినండి. అది ఆ రోజు పైధర. ఏ ఒకటి రెండు కుప్పలకో పలుకుతుంది. మిగతా సరుకంతా దాని కిందే పోతుంది, కొన్ని రెండు మూడు వేలు కింద. రైతు అది చూసి మోసపోతాడు, నాకూ అంతే వస్తుందని బండి కట్టి తెస్తాడు. నేను కొనేవాడిగా మోసపోయాను. ఎట్లా? నాకు లైసెన్సు లేదు కదా, యార్డులో పాట పాడలేను. ఒక వ్యాపారి దగ్గర కొన్నాను, పేరు వద్దు. ఆయన "జెండా పాట పదివేల రెండొందలు, నీకు అన్ని ఖర్చులతో కలిపి 9,600కు ఇస్తా తమ్మీ" అన్నాడు. నేను సంతోషపడ్డాను! జెండా పాట కంటే ఆరు వందలు తక్కువకు దొరికింది కదా అని. అట్లాంటి సరుకే ఆ పొద్దున యార్డులో 8,200కు పోయిందని నాకు వారం తర్వాత తెలిసింది. ఆయన అబద్ధం చెప్పలేదు. జెండా పాట నిజంగా 10,200. నా సరుకు ఆ సరుకు కాదు, అంతే.

బస్తాలు పది. ఒక్కోటి నలభై కిలోలు, కాంటా మీద నాలుగు వందలు. నాలుగు క్వింటాలకు 38,400 ఇచ్చాను. చిట్టీ ఇదిగో. బస్తా బరువు తీసేశారా అని నేను అడగలేదు. గోనె సంచి ఒక్కోటి కిలో దాకా ఉంటుంది. పది సంచులు, పది కిలోలు. మిర్చి ధరకు గోనె కొన్నాను. నవ్వకండి, మీరు కూడా అడగరు. కాంటా ముల్లు చూస్తూ ఉంటాం, కింద ఏముందో చూడం.

ఇప్పుడు అసలు సంగతి, చెమ్మ. కాయలో నీరు. రైతు కళ్లంలో ఆరబెట్టాలి, పది పదకొండు శాతం చెమ్మకు వస్తే బాగా ఆరినట్టు. మార్చిలో ధర బాగుందని కొందరు ముందే బస్తా కట్టేస్తారు. కొందరైతే బరువు కోసం, కాయ విరగకుండా ఉండటం కోసం, నీళ్లు చల్లుతారు. నేను కొన్న కాయ పదహారు శాతం దాకా ఉంది, ఇది తర్వాత ఒక కోల్డ్ స్టోరేజీలో పనిచేసే స్నేహితుడు మీటరు పెట్టి చెప్పాడు. ఖనిలో మా చిన్నమ్మ వాళ్ల డాబా మీద ఎండలో పోశాను, పదకొండుకు దిగింది. ఎంత పోయిందో చూడండి. నాది నికరంగా 390 కిలోలు. దాంట్లో నీరు పోను కాయ అసలు నూటికి 84 వంతులు, అంటే 327 కిలోలు. అది నూటికి 89 వంతులు అయ్యేదాకా ఆరితే మొత్తం 368 కిలోలు. ఇరవై రెండు కిలోలు గాలిలో కలిసిపోయింది. ఎవరూ దొంగిలించలేదు. ఎండే తీసుకుపోయింది.

మరి పట్టుకోవడం ఎట్లా? మీటరు అక్కర్లేదు. పిడికెడు కాయ తీసుకుని గట్టిగా నొక్కండి. ఆరిన కాయ గలగలమంటుంది, గింజలు లోపల ఆడతాయి, కాయ పగులుతుంది. చెమ్మ ఉన్నది మెత్తగా వంగి, చేయి వదలగానే మళ్లీ లేస్తుంది. అది ఒకటి. రెండోది, బస్తా పైన చూసి కొనకండి. అడుగున చేయి పెట్టండి, కుదిరితే బస్తా పూర్తిగా పోయించండి. పైన ఎర్రటి కాయ, మధ్యలో తాలు, అడుగున చెమ్మ, ఇట్లా బస్తా కట్టినవాళ్లు ఉన్నారు. మూడోది, నాలుగు కాయలు చీల్చి లోపల చూడండి. గింజల దగ్గర తెల్లగానో నల్లగానో బూజు ఉంటే ఆ కుప్పకే దండం పెట్టి వచ్చేయండి. ఎండబెడితే పోదు అది. తినేవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది.

నా బస్తాల్లో తాలు కూడా ఎక్కువే. తెలుసు కదా తాలు, రంగు పోయి తెల్లబడ్డ కాయ. విరిగిన ముక్కలతో కలిపి పద్దెనిమిది కిలోలు తీసి పక్కన పెట్టాను. కిలో యాభైకి పోయింది. ఇక తొడిమలు. ఖనిలో సగం మంది అమ్మలు "తొడిమ తీసిందే కావాలి బిడ్డా, మాకు తీసుకుంటూ కూర్చునే టైము లేదు" అన్నారు. కారం పట్టించాలంటే తొడిమ తీయాలి కదా. రెండు వందల కిలోలు తొడిమ తీయించాను, కిలోకు అయిదు రూపాయల కూలి, వెయ్యి రూపాయలు. తొడిమ బరువు నా లెక్కలో నూరు కిలోలకు ఆరేడు కిలోలు. పదమూడు కిలోలు అట్లా పోయాయి.

చూడండి, ఇప్పుడు ఎంత మిగిలింది? నాలుగు వందలతో బయల్దేరాను. అమ్మడానికి చేతిలో ఉన్నది 337 కిలోలు. ఇంకా ఒక్క కిలో కూడా అమ్మలేదు, అరవై మూడు కిలోలు తగ్గింది.

సంతలో చోటు తీసుకున్నాను, రోజుకు రెండు వందలు. మొదటి నాలుగు రోజులు గిరాకీ బాగుంది. కిలో 150 చొప్పున నూట ఇరవై కిలోలు పోయింది. నేను మహా వ్యాపారస్తుణ్ని అయిపోయాను అనుకున్నాను. అయిదో రోజు ఒకాయన వ్యాను నిండా సరుకు దింపాడు, 130 అన్నాడు. నేను దించక ఏం చేస్తాను? 130 చొప్పున 137 కిలోలు అమ్మేసరికి పన్నెండో రోజు. ఇంకా ఎనభై కిలోలు. అప్పు ఇచ్చినాయన ఫోన్ చేస్తున్నాడు, చిన్నమ్మ ఇల్లు మిర్చి ఘాటుతో నిండింది, చిన్నాయన దగ్గు. టెన్షన్ అయిపోయి మిగతా ఎనభై కిలోలు ఒక కిరాణం ఆయనకు 115కు ఇచ్చేశాను. 9,200. ఆరు వేలు చేతికి ఇచ్చాడు, "మిగతాది జీతాలు పడ్డాక" అన్నాడు. అక్కడ అందరూ జీతాలు పడ్డాక అంటారు, అది వాళ్ల అలవాటు, తప్పేం లేదు. నేను ఆ ఊరివాడిని కాదు, అదీ తేడా. ఉద్దెర వసూలుకు ఊళ్లో ఉండాలి.

లెక్క చదువుతాను. వచ్చింది: పద్దెనిమిది వేలు, తర్వాత 17,810, కిరాణం ఆరు వేలు, తాలు తొమ్మిది వందలు. మొత్తం 42,710. పోయింది: సరుకు 38,400, హమాలీ, ఆటో, లారీ కలిపి 1,400, తొడిమ కూలి వెయ్యి, చోటుకు 2,400, నా తిండి, ప్రయాణం 1,800. సరిగ్గా నలభై అయిదు వేలు. చేతిలో 2,290 నష్టం. ఆ బాకీ 3,200 కూడా వచ్చి ఉంటే? 910 రూపాయలు మిగిలేది. దాంట్లో నెల వడ్డీ ఆరు వందలు. మిగిలేది 310. పన్నెండు రోజులు ఎండలో నిలబడినందుకు! మా ఊళ్లో మిర్చి ఏరడానికి పోయిన అక్కలు నాకంటే ఎక్కువ సంపాదించారు ఆ పన్నెండు రోజుల్లో.

ఇంకో తప్పు కూడా చేశాను, అది లెక్కలో కనిపించదు. నేను తీసుకుపోయింది తేజ. ఎందుకు తేజ? పాట ఎక్కువ పలుకుతోంది కాబట్టి మంచిదే అయి ఉంటుంది అనుకున్నాను. తేజ సన్నకాయ, మంట ఎక్కువ. దానికి గిరాకీ బయటి రాష్ట్రాలకు, ఎగుమతికి పోయే సరుకుగా ఎక్కువ. ఖనిలో ఇంటివాళ్లు ఏమన్నారు? "కారం మస్తుంది గానీ తొక్కు ఎర్రగా రావట్లేదు" అన్నారు. మార్చి చివర, ఏప్రిల్ అంటే ఏడాదికి సరిపడా కారం పట్టించుకుని, మామిడికాయ తొక్కు పెట్టే రోజులు. వాళ్లకు కావలసింది రంగు. మన దగ్గర రంగుకు ఏ కాయ?

చపాటా. కరెక్టు చెల్లె. టమాటా మిర్చి అని కూడా అంటారు, లావుగా, ఎర్రగా ఉంటుంది, మంట తక్కువ. 2025లో వరంగల్ చపాటాకు జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతం సరుకే అన్న ముద్ర, అది కూడా వచ్చింది. మన పక్కనే పండేది మన కళ్లకు కనిపించలేదు, ఎందుకంటే దాని ధర తేజ కంటే ఎక్కువ. ఎక్కువ పెట్టి కొంటే లాభం ఉండదు అనుకున్నాను. ఒక మాట చెప్తున్నా, జీఐ వచ్చాక చపాటా పేరు చెప్పి వేరే లావుకాయ అమ్మేవాళ్లు ఉన్నారు. కొనేటప్పుడు నలుగురు రైతుల కుప్పలు చూసి కన్ను అలవాటు చేసుకోండి. అమ్మేటప్పుడు మీరు ఆ పని చేయకండి, ఒక ఇంటావిడకు తెలిస్తే కాలనీ మొత్తానికి తెలుస్తుంది.

2019లో మళ్లీ వెళ్లాను. ఈసారి సరుకు లేకుండా. చిన్నమ్మను వెంటబెట్టుకుని ఫిబ్రవరిలోనే కాలనీలో ఇల్లిల్లూ తిరిగాం. ముప్పై ఒక్క ఇళ్లు, రెండు మెస్సులు. మీకు ఎన్ని కిలోలు కావాలి, తొడిమ తీసిందా, మంట ఎక్కువదా రంగుదా, ఎప్పుడు కావాలి. నోట్‌బుక్కులో రాసుకున్నాను. కిలోకు ఇరవై రూపాయలు బయానా అడిగాను. అందరూ ఇవ్వలేదు, కానీ ఇచ్చినవాళ్లు మాట తప్పరు. మొత్తం నూట నలభై కిలోలు తేలింది. చూశారా, నాలుగు క్వింటాలు కాదు. ఆ కాలనీకి నా దగ్గర కొనాలన్న మనసు అంతే ఉంది.

నూట యాభై కిలోలు కొన్నాను, తొడిమకు పది పోతుందని. నూరు తేజ, యాభై చపాటా. బస్తాలు పోయించి, నొక్కి చూసి, తాలు అక్కడే తీయించి, గోనె బరువు తీయించి కాంటా పెట్టించాను. ఆ వ్యాపారి విసుక్కున్నాడు, "నూట యాభై కిలోలకు ఇంత సతాయింపా" అన్నాడు. పడ్డాను. తేజ కిలో 102, చపాటా 160 పడింది, మొత్తం 18,200. తొడిమ మా ఊళ్లోనే తీయించాను, 750. బండి ఆరు వందలు, నా ప్రయాణం ఏడు వందలు. 20,250 ఖర్చు. తేజ తొంభై మూడు కిలోలు 160కి, చపాటా నలభై ఏడు కిలోలు 230కి ఇచ్చాను. 25,690 వచ్చింది. 5,440 మిగిలింది, నాలుగు రోజుల పని. ఇళ్లకు తీసుకుపోయి ఇచ్చాను కాబట్టి సంతలో చోటు ఖర్చు లేదు. మెస్సు ఒకాయన మాత్రం వారం ఆగమన్నాడు, ఆగాను, ఇచ్చాడు.

ధర కిలోకు పది రూపాయలు ఎక్కువే తీసుకున్నాను చూడండి, తేజకు. ఎవరూ ఏమనలేదు. తొడిమ తీసి, ఆరబెట్టి, ఇంటి గడపలో పెట్టాను.

మధ్యలో ఒక తమ్ముడు అడిగాడు, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర లేచాక అమ్మొచ్చు కదా అని. పెట్టొచ్చు. వరంగల్ చుట్టూ చాలా ఉన్నాయి. కానీ అది వేరే ఆట తమ్మీ. 2023లో తేజ క్వింటా 20,000 దాటింది. అది చూసి సరుకు దాచుకున్నవాళ్లు 2025 మొదట్లో పద్నాలుగు వేల లోపుకు అమ్ముకున్నారు. బస్తాకు అద్దె వేరు, అప్పు వడ్డీ వేరు. బయటికి తీసినప్పుడు చల్లటి కాయ మీద చెమ్మ పడుతుంది, వెంటనే ఆరబెట్టకపోతే బూజు. ఊరి నుంచి ఊరికి మోసుకుపోయే వ్యాపారంలో డబ్బు వారంలో తిరగాలి. నెలల తరబడి ధర కోసం చూసేవాడికి కడుపు నిండి ఉండాలి.

కారం పట్టించి అమ్ముతాం అని ఈ సంఘం అక్కలు అన్నారు. పొడి చేస్తే లాభం ఎక్కువ, నిజమే. కానీ పొడిని విడిగా కుప్ప పోసి అమ్మకూడదు, ప్యాకెట్ చేసే అమ్మాలి, ఆహార భద్రత శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి. రిజిస్ట్రేషన్ కాయకైనా కావాలి, ముందు అది చేయించుకోండి. ఇంకొకటి, గిర్నీలో మీ కంటే ముందు ఎవరు ఏం పట్టించారో చూసుకోండి. పసుపు పట్టాక మీ కారం పడితే రంగు మారిపోతుంది, అప్పుడు కల్తీ అంటారు మిమ్మల్ని.

నా ఆ 3,200 సంగతి ఏమైందని అడుగుతారు ఎప్పుడూ. ఖని పోయినప్పుడల్లా ఆయన కొట్టుకు వెళ్తాను. మర్యాదగా కూర్చోబెట్టి ఛాయ్ తాగిస్తాడు, ఆ మాట మాత్రం ఎత్తడు. నేనూ ఎత్తడం మానేశాను, ఇప్పుడు ఆయనకు ఏది ఎంతకు పోతోందో అడిగి తెలుసుకుని వస్తాను.

సరే. మూడు కవర్లు తెచ్చాను, టేబుల్ మీద పెట్టాను. ఒకటి బాగా ఆరినది, ఒకటి చెమ్మది, ఒకటి పొద్దున నేనే నీళ్లు చల్లింది. ఏది ఏదో రాయలేదు. ఒక్కొక్కరుగా వచ్చి నొక్కి చూడండి, తర్వాత కళ్లు మాత్రం నలుపుకోకండి.